స్టాప్‌లాస్ ఎన్ని రూపాయల కింద పెట్టాలి? ఏటీఆర్‌తో లెక్క, మొదటి నుంచి చివరి దాకా

చాలాకాలం నా స్టాప్‌లాస్ 2 శాతమే. ఎందుకు 2 అని ఎవరైనా అడిగి ఉంటే నా దగ్గర జవాబు లేదు. మొదట్లో ఎవరో చెప్పారు, అలవాటైపోయింది. ఏ షేరు కొన్నా అదే. పొద్దున తొమ్మిదీ నలభైకి స్టాప్ కొట్టేసేది, మధ్యాహ్నం రెండింటికల్లా అదే షేరు నేను కొన్న ధర దాటి పైన ఉండేది. "ఎవడో నా స్టాప్ చూసి మరీ కిందికి లాగుతున్నాడు" అని తిట్టుకునేవాణ్ణి. మన గ్రూపుల్లో ఈ మాట రోజూ వినపడుతుంది కూడా.

ఒక ఆదివారం కూర్చుని, స్టాప్ కొట్టిన ట్రేడ్లన్నీ తీసి, ఆ షేర్లు మామూలు రోజుల్లో ఎంత ఊగుతాయో రాసుకున్నాను. ఎక్కువ వాటిలో రోజువారీ ఊగిసలాటే 2.5 శాతం దాకా ఉంది. అంటే నా స్టాప్ కొట్టడానికి చెడువార్త అక్కర్లేదు, ఆపరేటరూ అక్కర్లేదు. ఏ విశేషమూ లేని ఒక మంగళవారం చాలు. గేదె మేసే చోటు పదడుగులుంటే ఐదడుగుల పలుపుతో కట్టేసి, పలుపు తెంపుతోందని గేదెను తిట్టినట్టు ఉంది నా వ్యవహారం.

ఆ పలుపు పొడవు కొలిచేదే ఏటీఆర్, యావరేజ్ ట్రూ రేంజ్. మెకానికల్ ఇంజినీరుగా పనిచేసి ట్రేడింగ్‌లోకి వచ్చిన అమెరికన్ వెల్స్ వైల్డర్ దీన్ని 1978లో ప్రచురించాడు. ఇది షేరు పైకి వెళ్తుందో కిందికి వెళ్తుందో చెప్పదు. రోజుకు సగటున ఎన్ని రూపాయలు కదులుతుందో మాత్రం చెబుతుంది. స్టాప్ పెట్టడానికి మనకు కావలసింది ఆ అంకే.

ఈ వ్యాసం కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల పాటు షేరు పట్టుకునే వాళ్ల కోసం. ఇంట్రాడేకు సూత్రం ఒకటే అయినా అంకెలు వేరు.

మొదటి మెట్టు: ఒక రోజు కదలికను సరిగ్గా కొలవడం

రోజు కదలిక అనగానే హైలోంచి లో తీసేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. అది ఎక్కడ మోసం చేస్తుందో 2024 జూన్ 3న నిఫ్టీ చూపించింది. ఎగ్జిట్ పోల్స్ తర్వాత మార్కెట్ తెరిచిన సోమవారం అది. అంతకుముందు శుక్రవారం నిఫ్టీ 22,531 దగ్గర ముగిసింది. సోమవారం పెద్ద గ్యాప్ అప్‌తో తెరుచుకుని, రోజంతా 23,062కూ 23,339కూ మధ్యే తిరిగింది. హై, లో తేడా 277 పాయింట్లు. ఆ అంకె మాత్రమే చూస్తే అదొక మామూలు రోజు. కానీ శుక్రవారం సాయంత్రం షార్ట్ పొజిషన్ ఉంచుకుని ఇంటికి వెళ్లినవాణ్ణి అడగండి. అతనికి ఆ కదలిక 22,531 నుంచి 23,339 దాకా, అంటే 808 పాయింట్లు.

రాత్రికి రాత్రి పడిన ఆ గ్యాప్‌ను కూడా లెక్కలోకి తెచ్చేదే ట్రూ రేంజ్. మూడు తేడాలు తీసి, వాటిలో పెద్దది తీసుకోవాలి: ఈరోజు హైకీ లోకీ తేడా, ఈరోజు హైకీ నిన్నటి క్లోజ్‌కీ తేడా, ఈరోజు లోకీ నిన్నటి క్లోజ్‌కీ తేడా. మైనస్ వస్తే గుర్తు వదిలేసి అంకె తీసుకుంటే చాలు.

రెండో మెట్టు: సగటు

మొదటి 14 రోజుల ట్రూ రేంజ్‌లకు మామూలు సగటు తీస్తే తొలి ఏటీఆర్ వస్తుంది. ఆ తర్వాత ప్రతిరోజూ, నిన్నటి ఏటీఆర్‌ను 13తో గుణించి, ఈరోజు ట్రూ రేంజ్ కలిపి, 14తో భాగిస్తారు. పాత రోజుల ప్రభావం ఒక్కసారిగా తెగిపోకుండా మెల్లగా తగ్గుతూ పోవడానికి వైల్డర్ ఈ పద్ధతి పెట్టాడు.

ఒక షేరుతో చేసి చూద్దాం. చివరి దాకా ఇదే షేరుతో వెళ్తాం. అంకెలు లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్నవే. నిన్నటి ఏటీఆర్ రూ.16.40, నిన్నటి క్లోజ్ 636. ఈరోజు హై 651, లో 640. హై, లో తేడా 11. హైకీ నిన్నటి క్లోజ్‌కీ తేడా 15. లోకీ నిన్నటి క్లోజ్‌కీ తేడా 4. పెద్దది 15 కాబట్టి ఈరోజు ట్రూ రేంజ్ 15. ఇక 16.40ని 13తో గుణిస్తే 213.20, దానికి 15 కలిపితే 228.20, 14తో భాగిస్తే 16.30. ఇదే ఈరోజు ఏటీఆర్.

చార్టులో ఇదంతా మీరు చేయక్కర్లేదు. ఇండికేటర్ల జాబితాలో `ATR` అని వెతికితే వస్తుంది, 14 ముందే నింపి ఉంటుంది. కానీ ఒక్కసారైనా షీట్‌లో చేసి చూడమంటాను, ఎందుకంటే తర్వాతి మెట్టుకు ఆ షీట్ పనికొస్తుంది. B కాలమ్‌లో హై, C లో లో, D లో క్లోజ్ పెట్టి, రెండో వరుస నుంచి పాత తేదీ పైన ఉండేలా నింపండి. E3, F16, F17 గళ్లలో వరుసగా ఇవి:

```
=MAX(B3-C3, ABS(B3-D2), ABS(C3-D2))
=AVERAGE(E3:E16)
=(F16*13+E17)/14
```

E3ని, F17ని కిందికి లాగితే చాలు. మీ షీట్‌కూ చార్టుకూ పైసల్లో తేడా వస్తే కంగారు పడకండి. చార్టు ఎన్నేళ్ల వెనక నుంచి లెక్క మొదలుపెట్టిందో దాన్నిబట్టి ఆ తేడా ఉంటుంది, ఒక వంద రోజులు దాటాక దాదాపు పోతుంది. తేడా రూపాయల్లో ఉంటే మాత్రం చార్టు సెట్టింగ్ చూడండి. ట్రేడింగ్‌వ్యూలో `Smoothing` అన్నచోట `RMA` ఉంటే అది వైల్డర్ పద్ధతి, `SMA` ఉంటే మామూలు సగటు.

ఇంకొకటి, చార్టు డైలీలోనే ఉందో లేదో చూసుకోండి. పదిహేను నిమిషాల చార్టు తెరిచి ఉంచి, అక్కడ కనపడిన 3.80 చూసి వారాల ట్రేడ్‌కు స్టాప్ పెట్టినవాణ్ణి నేనే.

మూడో మెట్టు: ఎన్ని రెట్లు?

ఎక్కువమంది తొందరపడే చోటు ఇదే. ఒక రోజు ఏటీఆర్ 16.30 అయితే స్టాప్ 16.30 కింద పెడితే సరిపోదా? సరిపోదు, ఎందుకంటే మీరు షేరును ఒక్కరోజే పట్టుకోవడం లేదు. ఏ దిశా లేకుండా అటూ ఇటూ తిరిగే ధర కూడా రోజులు గడిచేకొద్దీ మొదలైన చోటి నుంచి దూరం జరుగుతుంది. ఆ దూరం రోజుల సంఖ్యతో సమానంగా పెరగదు, స్థూలంగా దాని వర్గమూలంతో పెరుగుతుంది. నాలుగు రోజులకు రెట్టింపు, తొమ్మిది రోజులకు మూడు రెట్లు. కాబట్టి రెండు వారాలు ఉంచుదామని కొన్న షేరుకు ఒక ఏటీఆర్ స్టాప్ పెడితే, మీ అంచనా సరైనదైనా మధ్యలో ఏదో ఒక రోజు అది కొట్టేస్తుంది.

వాడుకలో రెండు నుంచి మూడు రెట్లు ఎక్కువగా కనపడతాయి. 1983లో రిచర్డ్ డెన్నిస్ తయారుచేసిన టర్టిల్ ట్రేడర్లు 20 రోజుల సగటుతో రెండు రెట్లు వాడారు. వైల్డర్ తన సొంత పద్ధతిలో 7 రోజుల సగటుతో సుమారు మూడు రెట్లు తీసుకున్నాడు. కానీ వాళ్లు వేరే మార్కెట్లలో, వేరే పద్ధతుల్లో వాడిన అంకెలవి. మీ షేరును అడిగితేనే మేలు. అడగడం ఇలా: గతంలో ఏదో ఒక రోజు క్లోజ్‌లో కొన్నామనుకుందాం. పది రోజుల తర్వాత ధర పైనే ఉంది. మరి ఆ పది రోజుల్లో మధ్యలో ఎంత కిందికి దిగి పైకొచ్చింది? గెలిచే ట్రేడ్‌ను కూడా భరించాల్సిన బాధ అది. దాన్ని ఏటీఆర్‌లలో కొలవాలి. అదే షీట్‌లో G16లో మొదటి సూత్రం రాసి కిందికి లాగండి, రెండోది పక్కన ఏదైనా ఖాళీ గడిలో పెట్టండి:

```
=IF(D26>D16,(D16-MIN(C17:C26))/F16,"")
=PERCENTILE(G16:G215,0.8)
```

రెండో సూత్రం దాదాపు 200 రోజుల చరిత్ర చూసి ఒక అంకె ఇస్తుంది. అది 1.6 అని వచ్చిందనుకోండి. చివరికి పైకి వెళ్లిన సందర్భాల్లో పదింట ఎనిమిదిసార్లు మధ్యలో దిగింది 1.6 ఏటీఆర్‌ల లోపే అని అర్థం. అప్పుడు రెండు రెట్లు పెడితే కాస్త వెసులుబాటు ఉంటుంది. 2.4 వస్తే రెండు రెట్లు చాలవు. ఒకదాని పక్కన ఒకటి ఉన్న రోజులు దాదాపు అవే పది రోజులను మళ్లీ మళ్లీ లెక్కిస్తాయి కాబట్టి 1.6కూ 1.7కూ తేడా గురించి తల బద్దలు కొట్టుకోవద్దు. ఒకటిన్నరా, రెండా, మూడా అన్నది తెలిస్తే చాలు.

నాలుగో మెట్టు: చార్టు ఏమంటోంది?

ఏటీఆర్ దూరం చెబుతుంది, చోటు చెప్పదు. మన షేరును మర్నాడు 648కి కొన్నాం అనుకుందాం. రెండు ఏటీఆర్‌లు అంటే 32.60, స్టాప్ 615.40 దగ్గర పడుతుంది. చార్టులో చూస్తే ఈ మధ్య షేరు దిగి వెనక్కి తిరిగిన పాయింటు 622. అది విరిగితే నేను కొన్న కారణమే పోయినట్టు. కానీ సరిగ్గా 621.50లో స్టాప్ పెట్టను, ఎందుకంటే అక్కడ నాలాంటివాళ్లు చాలామంది ఉంటారు, 622 కిందికి ఒక్కసారి తొంగిచూసి వెనక్కి రావడం షేర్లకు మామూలే. కింద ఒక అర ఏటీఆర్, సుమారు రూ.8 వదిలితే 614. రెండు లెక్కలూ పక్కపక్కనే వచ్చాయి కాబట్టి 614 ఖాయం చేస్తాను. ఎంట్రీకి దూరం రూ.34.

ప్రతిసారీ ఇంత చక్కగా కుదరదు. సపోర్ట్ 590లో ఉంటే? అప్పుడు దూరం మూడున్నర ఏటీఆర్‌లు దాటిపోతుంది. నేనైతే ఆ ట్రేడ్ వదిలేస్తాను, లేదా షేరు కిందికి వచ్చేదాకా ఆగుతాను. సపోర్ట్ 640లో ఉంటే? అది అర ఏటీఆర్ దూరం. దాన్ని సపోర్ట్ అనుకోవడమే పొరపాటు, అది నిన్నటి గీత. అప్పుడు ఏటీఆర్ చెప్పిన 615 మాటే వింటాను.

ఐదో మెట్టు: క్వాంటిటీ తగ్గించడం

దీన్ని వదిలేసి పైవన్నీ చేస్తే మీకు నష్టమే ఎక్కువవుతుంది. స్టాప్ దూరం జరిగిందంటే షేరుకు పోయే డబ్బు పెరిగింది. అందుకని షేర్ల సంఖ్య తగ్గాలి. ముందు ఎన్ని షేర్లు కొనాలో అనుకుని తర్వాత స్టాప్ వెతకడం కాదు, స్టాప్ దూరమే సంఖ్యను తేల్చాలి.

మూడు లక్షల పెట్టుబడి, ఒక ట్రేడ్‌లో 1 శాతం మించి పోకూడదు అనుకుంటే రూ.3,000. దాన్ని 34తో భాగిస్తే 88 షేర్లు. పెట్టాల్సిన డబ్బు రూ.57,024. అదే నా పాత 2 శాతం స్టాప్ అయితే దూరం రూ.12.96, షేర్లు 231, డబ్బు దాదాపు లక్షన్నర. రెండింటిలోనూ స్టాప్ కొడితే పోయేది ఆ మూడు వేలే. కానీ రెండో స్టాప్ ఎంట్రీకి 0.8 ఏటీఆర్ దూరంలో ఉంది, ఒక మామూలు రోజు కదలిక కంటే తక్కువ.

లక్షన్నర పెట్టాల్సిన చోట 57 వేలే పెడుతున్నామన్న వెలితి మొదట్లో ఉంటుంది. నాకూ ఉండేది. "ఈసారికి 150 తీసుకుందాం" అని మనసు లాగుతుంది. 150 తీసుకుని 614 స్టాప్ అంటే రిస్క్ రూ.5,100, 1 శాతం నియమం అక్కడే పోయింది.

ఈ లెక్కలో ఇంకో సౌకర్యం ఉంది. రోజుకు 1.2 శాతం మాత్రమే కదిలే నెమ్మది షేరుకు స్టాప్ దానంతటదే దగ్గరగా, సంఖ్య ఎక్కువగా వస్తుంది. 4 శాతం ఎగిరే షేరుకు దూరంగా, తక్కువగా వస్తుంది. రెండూ మీ పోర్ట్‌ఫోలియోను దాదాపు ఒకే బరువుతో కదిలిస్తాయి.

ఆర్డర్ పెట్టేటప్పుడు

మామూలు స్టాప్‌లాస్ ఆర్డర్ ఆ రోజుకే చెల్లుతుంది, సాయంత్రం రద్దవుతుంది. అందుకే రోజుల ట్రేడ్‌లకు చాలామంది జీటీటీ వాడతారు. అందులో రెండు ధరలు ఉంటాయి: ట్రిగ్గర్, లిమిట్. ట్రిగ్గర్ 614, లిమిట్ కూడా 614 అని పెడితే, ధర వేగంగా 613కి జారినప్పుడు ఆర్డర్ మార్కెట్‌లోకి వెళ్లి, కొనేవాడు లేక అక్కడే నిలబడిపోవచ్చు. లిమిట్‌ను ట్రిగ్గర్ కంటే పావు ఏటీఆర్ కిందికి, అంటే మన షేరుకు 610 దగ్గర పెట్టడం నా అలవాటు.

అయినా గ్యాప్ డౌన్‌ను ఇది ఆపలేదు. మర్నాడు షేరు నేరుగా 600లో తెరుచుకుంటే 610 లిమిట్ అలాగే మిగిలిపోతుంది, మీరే చూసి అమ్ముకోవాలి. 600కి అమ్మితే నష్టం 48 రూపాయల చొప్పున రూ.4,224. అనుకున్న 1 శాతం కాస్తా 1.4 శాతం. లోయర్ సర్క్యూట్ పడితే ఇంకా కష్టం, కొనేవాడే ఉండడు. రోజుకు 5 శాతం సర్క్యూట్ ఉన్న చిన్న షేర్లలో ఏటీఆర్‌ను నేను నమ్మను. అక్కడ కదలికకు ఎక్స్ఛేంజే మూత పెట్టింది, కాబట్టి సగటు కూడా ఆ మూత ఎత్తునే చెబుతుంది.

ట్రేడ్ నడుస్తుండగా

ఎంట్రీ రోజు ఏటీఆర్‌ను కాగితం మీద రాసి పెట్టుకోండి. మొదటి స్టాప్ ఆ అంకెతోనే, 614లోనే ఉంటుంది. షేరు పైకి వెళ్లాక మాత్రం స్టాప్‌ను వెంట తీసుకెళ్లాలి: ఎంట్రీ తర్వాత వచ్చిన అత్యధిక క్లోజ్ నుంచి అప్పటి ఏటీఆర్‌కు మూడు రెట్లు తీసేయడం. ఇక్కడ రెండు కాకుండా మూడు ఎందుకంటే, పైకి వెళ్లే షేరు మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకోవడానికి చోటు కావాలి.

మన షేరు 702 దగ్గర క్లోజ్ అయింది, ఏటీఆర్ 18కి పెరిగింది అనుకుందాం. 702లోంచి 54 తీస్తే 648, సరిగ్గా కొన్న ధర. తర్వాత రోజు ఏదో వార్తకు షేరు అడ్డదిడ్డంగా ఊగి ఏటీఆర్ 22 అయిందనుకోండి. లెక్క 702లోంచి 66 తీసి 636 అంటుంది. వినకండి. స్టాప్ పైకే జరగాలి, ఒకసారి 648కి వచ్చాక కిందికి దిగదు. గందరగోళం పెరిగిన రోజునే మనకు ఎక్కువ వదులు ఇవ్వాలనిపించడం ఈ పద్ధతిలోని పెద్ద ఉచ్చు.

ఏటీఆర్ తప్పు చెప్పే సందర్భాలు

ఇది గడిచిన రోజుల సగటు, రేపటి సంగతి దానికి తెలియదు. 2024 జూన్ 4నే చూడండి, ఎన్నికల ఫలితాల రోజు. ముందురోజు 23,264 దగ్గర ముగిసిన నిఫ్టీ ఒక దశలో 21,281 దాకా పడిపోయింది. ఆ రోజు ట్రూ రేంజ్ 1,983 పాయింట్లు. ఏటీఆర్ 250 ఉన్న సూచీలో ఇలాంటి రోజు ఒక్కటి వస్తే ఏటీఆర్ సుమారు 374కి ఎగబాకుతుంది. ముందు రోజు స్టాప్ పెట్టుకున్నవాడికి ఆ 374 పనికిరాదు, ఎందుకంటే అది దెబ్బ తగిలాక వచ్చిన అంకె. తర్వాతి వాళ్లకూ ఇబ్బందే. ఆ పెరిగిన భాగం సగానికి తగ్గడానికే తొమ్మిది, పది ట్రేడింగ్ రోజులు పడుతుంది. ఈలోగా స్టాప్‌లు అనవసరంగా దూరం వెళ్తాయి. అలాంటి ఒక్క రోజు మూలంగానే అంకె ఉబ్బిందా అన్నది ట్రూ రేంజ్ కాలమ్‌లో కనపడిపోతుంది. అప్పుడు ఆ ఒక్క రోజును పక్కన పెట్టి మిగతా 13 రోజుల సగటు తీసుకుంటాను.

కంపెనీ ఫలితాల రోజు చిన్న స్థాయిలో ఇదే కథ. ఫలితాలకు ముందు షేరు ముడుచుకుని కూర్చుంటుంది, ఏటీఆర్ తగ్గుతుంది, స్టాప్ దగ్గరగా, క్వాంటిటీ ఎక్కువగా వస్తుంది. సరిగ్గా తప్పు సమయంలో తప్పు సైజు. ఎంట్రీకి ముందు ఫలితాల తేదీ చూసుకోండి, వారంలోపు ఉంటే సగం క్వాంటిటీ చాలు.

బోనస్, స్ప్లిట్ సంగతి కూడా. ఒకటికి ఒకటి బోనస్ ఇస్తే ధర రాత్రికి రాత్రి సగమవుతుంది. మీరు దింపుకున్న డేటాలో పాత ధరలు సరిచేసి లేకపోతే, 1,300 నుంచి 650కి పడినట్టు షీట్ అనుకుంటుంది, ట్రూ రేంజ్ 650 అని చూపిస్తుంది. ఒక షేరు ఏటీఆర్ ధరలో పది శాతం దాటి కనపడితే నేను ముందు వెతికేది ఇదే.

ఇక మన షేరు. కొన్న మూడో రోజు 631 దాకా దిగింది. ఎంట్రీ నుంచి 17 రూపాయలు, ఒక ఏటీఆర్ కంటే కాస్త ఎక్కువ. 635 దగ్గర ఉన్న 2 శాతం స్టాప్ అక్కడే పోయేది, 231 షేర్ల మీద దాదాపు మూడు వేల నష్టంతో. 614 నిలబడింది. తర్వాత అత్యధిక క్లోజ్ 716, ఆనాటి ఏటీఆర్ 19, ట్రెయిలింగ్ స్టాప్ 659కి చేరింది. రెండు వారాల తర్వాత అది కొట్టింది, అమ్ముడైన ధర 658. షేరుకు 10 రూపాయల చొప్పున 88 షేర్లకు రూ.880, చార్జీలు పోను ఇంకాస్త తక్కువ.